సగం సమయానికి పావు దూరం

కాగితం మీది బొమ్మకు బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

చేత్తో గీసిన పాత యానిమేషన్ సినిమాల అసలు కాగితాలు చూసే అవకాశం ఎప్పుడైనా వస్తే, బొమ్మను కాసేపు పక్కనపెట్టి కాగితం అంచు చూడండి. అక్కడ నిలువుగా ఒక పెన్సిల్ గీత ఉంటుంది. దాని మీద అడ్డంగా చిన్న చిన్న గాట్లు, ఒక్కో గాటు పక్కన ఒక్కో అంకె ఉంటాయి. కొన్ని గాట్లు ఒకదాన్నొకటి ఆనుకున్నట్టు దగ్గరగా ఉంటే, కొన్ని ఎడంగా ఉంటాయి. మొదటి అంకె చుట్టూ, చివరి అంకె చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది. తెర మీద ఎన్నడూ కనిపించని ఈ గీతను టైమింగ్ చార్ట్ అనీ, స్పేసింగ్ చార్ట్ అనీ పిలుస్తారు. బొమ్మ ఎంత వేగంగా కదలాలో, చూసేవాళ్లకు అది దూదిలా అనిపించాలో బండరాయిలా అనిపించాలో తేల్చేది ఇదే.

ఈ గీత అవసరం పని పంపకం వల్ల వచ్చింది. ఒక కదలికలో ముఖ్యమైన భంగిమలను అనుభవం ఉన్న యానిమేటర్ గీస్తాడు. వాటిని కీ డ్రాయింగ్‌లు అంటారు. ఒక కీ నుంచి ఇంకో కీకి చేరే దారిలో ఉండే బొమ్మలు, అంటే ఇన్‌బిట్వీన్‌లు, గీసే మనిషి వేరే బల్ల దగ్గర కూర్చుంటాడు. మధ్యలో ఎన్ని బొమ్మలు కావాలి, ఒక్కొక్కటి ఏ కీకి ఎంత దగ్గరగా ఉండాలి అన్నది అతనికి చెప్పాలి. నోటితో చెబితే పొరపాటు పడొచ్చు. గాట్లు పెట్టి ఇస్తే పొరపాటుకు తావు ఉండదు.

రెండు వేర్వేరు లెక్కలు

టైమింగ్, స్పేసింగ్ అనే మాటలను జంటగా వాడతారు కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. కానీ కావు. విజయవాడలో ఆరు గంటలకు బయలుదేరిన బస్సు ఏడు గంటలకు గుంటూరు చేరిందనుకుందాం. ఆరు, ఏడు అన్నవి టైమింగ్. మధ్యలో ఒక్కో నిమిషానికి బస్సు ఏ కిలోమీటరు రాయి దగ్గర ఉందన్నది స్పేసింగ్. రెండు బస్సులు ఒకే సమయానికి బయలుదేరి ఒకే సమయానికి చేరినా, ఒకటి ఊళ్లో ట్రాఫిక్‌లో ఇరుక్కుని తర్వాత రోడ్డు మీద దూసుకుపోయి ఉండొచ్చు, మరొకటి మొదటి నుంచీ ఒకే వేగంతో వెళ్లి ఉండొచ్చు. చేరిన సమయం ఒక్కటే అయినా ప్రయాణం ఒక్కటి కాదు.

యానిమేషన్‌లో నిమిషం స్థానంలో ఉండేది ఫ్రేమ్. శబ్దం ఉన్న సినిమాలు వచ్చిన 1920ల చివర్లో సెకనుకు 24 ఫ్రేములు అన్న లెక్క స్థిరపడింది. ప్రతి ఫ్రేముకూ ఒక కొత్త బొమ్మ గీస్తే దాన్ని ‘వన్స్’ అంటారు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే ‘టూస్’ అంటారు. టూస్‌లో సెకనుకు పన్నెండు బొమ్మలు చాలు. మామూలు కదలికలకు కంటికి పెద్ద తేడా తెలియదు కాబట్టి చేతి యానిమేషన్ చాలా మటుకు టూస్‌లోనే సాగింది.

ఫ్రేముల సంఖ్య ఒక్కటే మారినా కదలికకు అర్థమే మారిపోతుంది. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో వెలువరించిన ‘ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్’ పుస్తకంలో దీనికి ఒక ఉదాహరణ ఇచ్చారు. తల ఒక భుజం వైపు ఉన్న బొమ్మ ఒకటి, మరో భుజం వైపు ఉన్న బొమ్మ ఒకటి, అంతే. రెండింటి మధ్య ఇన్‌బిట్వీన్ ఒక్కటీ లేకపోతే ఎవరో బలంగా కొట్టిన దెబ్బకు తల అటు తిరిగిపోయినట్టుంటుంది. నాలుగైదు పెడితే ఎవరినో ఆజ్ఞాపిస్తూనో, స్నేహంగా రమ్మంటూనో తిప్పినట్టుంటుంది. పది పెడితే నొప్పి పుట్టిన మెడను మెల్లగా సాగదీసుకుంటున్నట్టుంటుంది. రెండు కీ బొమ్మల్లో ఒక్క గీత కూడా మారలేదు. మారింది వాటి మధ్య గడిచిన సమయమే.

నడకకూ ఇదే వర్తిస్తుంది. ఒక అడుగుకు పన్నెండు ఫ్రేములు, అంటే అర సెకను ఇస్తే మామూలుగా చురుగ్గా నడిచే మనిషి కనిపిస్తాడు. ఎనిమిది ఇస్తే తొందరలో ఉన్నవాడు. పదహారు ఇస్తే సాయంత్రం షికారుకు బయలుదేరినవాడు. ఇరవై దాటితే అలసిపోయినవాడో, వయసు మళ్లినవాడో అవుతాడు.

ఫ్రేముల సంఖ్య చెప్పగలిగింది ఇంతవరకే. ఆ తర్వాతిది గాట్ల పని.

సగంలో సగం

ఇన్‌బిట్వీనర్ లైట్ బాక్స్ మీద రెండు కీ బొమ్మలను ఒకదానిపై ఒకటి పెట్టి, పైన ఖాళీ కాగితం వేసి, రెండింటికీ నడుమ ఉండే గీతను పట్టుకుంటాడు. కంటికి నమ్మకంగా దొరికేది సరిగ్గా సగం మాత్రమే. మూడో వంతు, ఐదో వంతు కంటితో కొలవడం కష్టం, ఇద్దరు గీస్తే రెండు రకాలుగా వస్తాయి. అందుకే మంచి చార్ట్‌లను వీలైనంత వరకు సగాలతోనే కడతారు. ముందు సగం, తర్వాత ఆ సగంలో సగం, మళ్లీ అందులో సగం.

ఒకటో నంబరు బొమ్మ నుంచి తొమ్మిదో నంబరు బొమ్మకు ఒక చెయ్యి కాగితం మీద 16 సెంటీమీటర్లు కదలాలనుకుందాం. మధ్యలో ఏడు బొమ్మలు కావాలి. మొదటి పద్ధతిలో ఐదో బొమ్మ సరిగ్గా నడుమ, మూడోది ఒకటికీ ఐదుకూ నడుమ, ఏడోది ఐదుకూ తొమ్మిదికీ నడుమ, మిగతావి వాటి సందుల్లో వస్తాయి. ప్రతి బొమ్మకూ దూరం 2 సెంటీమీటర్లే. గాట్లన్నీ సమానంగా ఉంటాయి. ఈ చెయ్యి తెర మీద యంత్రం కడ్డీలా జరుగుతుంది. ఏ కండరమూ దాన్ని కదిపినట్టు అనిపించదు.

రెండో పద్ధతిలోనూ ఐదో బొమ్మ నడుమనే ఉంటుంది. కానీ ఒకటికీ ఐదుకూ సగంలో వచ్చేది ఇప్పుడు నాలుగో బొమ్మ. ఒకటికీ నాలుగుకూ సగంలో మూడోది, ఒకటికీ మూడుకూ సగంలో రెండోది. అవతలి వైపు కూడా ఇలాగే తొమ్మిది వైపు జరుగుతూ పోతే, చెయ్యి ఒక్కో బొమ్మకూ కదిలే దూరం వరసగా 1, 1, 2, 4, 4, 2, 1, 1 సెంటీమీటర్లు అవుతుంది. మొత్తం మళ్లీ 16 సెంటీమీటర్లే, బొమ్మల సంఖ్యా అంతే, సమయమూ అంతే. కానీ ఈ చెయ్యి నెమ్మదిగా బయలుదేరి, మధ్యలో వేగం అందుకుని, నెమ్మదిగా ఆగుతుంది. గాట్లు దగ్గరగా ఉన్నచోట నెమ్మది, ఎడంగా ఉన్నచోట వేగం. చార్ట్ చదవడానికి కావలసిన సూత్రం ఇదొక్కటే.

మనం సాధారణంగా బరువు అనుకునేది ఈ గాట్లు దగ్గర నుంచి ఎడానికి, ఎడం నుంచి దగ్గరకు ఎలా మారుతున్నాయన్న దానిలోనే ఉంది.  బరువైన వస్తువు వేగం మార్చుకోవడానికి ఎక్కువ సమయమైనా కావాలి, ఎక్కువ బలమైనా కావాలి. ఈ లెక్క మనకు చిన్నప్పటి నుంచీ ఒంటికి తెలుసు. అందుకే తెర మీద అది తప్పితే, ఏం తప్పిందో చెప్పలేకపోయినా, ఏదో తప్పిందని చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు.

పన్నెండు ఫ్రేముల్లో నేలకు

దీన్ని కొలిచి చూడటానికి చేతిలోంచి వదిలిన టెన్నిస్ బంతి కంటే మంచి ఉదాహరణ లేదు. అర సెకనులో బంతి సుమారు 122 సెంటీమీటర్లు పడుతుంది. అంటే నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తు నుంచి నేల దాకా పన్నెండు ఫ్రేములు పడుతుంది.

మొదటి ఫ్రేములో బంతి ఒక సెంటీమీటరు కూడా దిగదు. రెండో ఫ్రేములో దానికి మూడు రెట్లు, మూడో ఫ్రేములో ఐదు రెట్లు, నాలుగో ఫ్రేములో ఏడు రెట్లు దిగుతుంది. ఇలా బేసి సంఖ్యల వరస మీద పెరుగుతూ పన్నెండో ఫ్రేముకు ఇరవైమూడు రెట్లవుతుంది. ఆ ఒక్క ఫ్రేములోనే బంతి దాదాపు 20 సెంటీమీటర్లు దిగిపోతుంది. పడే వస్తువు సమాన కాలాల్లో దాటే దూరాలు బేసి సంఖ్యల్లా పెరుగుతాయని నాలుగు శతాబ్దాల కిందట గెలీలియో కనిపెట్టాడు. యానిమేటర్ చార్ట్ మీద అదే నియమం గాట్లుగా మారింది.

ఇన్ని లెక్కలు గుర్తుంచుకోనక్కర్లేదు. ఒక్క మాట చాలు: సగం సమయానికి పావు దూరం. పన్నెండు ఫ్రేముల పతనంలో ఆరో ఫ్రేముకు బంతి 30 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. పావు అంటే సగంలో సగం కాబట్టి దాన్ని కంటితోనే పట్టుకోవచ్చు. ఆ బొమ్మను ముందు గీసి స్థిరపరిస్తే, దానికి అటూ ఇటూ ఉన్నవి వాటంతట అవే చోటు చూసుకుంటాయి. ఇలా రెండు కీల మధ్య దారి ఎలా పోవాలో తేల్చే బొమ్మను బ్రేక్‌డౌన్ అంటారు. బ్రేక్‌డౌన్ సగం దూరంలో ఉంటే బంతి పడుతున్నట్టు కాకుండా ఎవరో దారం కట్టి దించుతున్నట్టుంటుంది. పావు దూరంలో ఉంటే భూమి లాగుతున్నట్టుంటుంది.

ఇక్కడ సగాల పద్ధతికి ఒక హద్దు కూడా కనిపిస్తుంది. పడే బంతికి కింది నుంచి పైకి సగం, సగం, సగం అంటూ పోతే దూరం ప్రతి ఫ్రేముకూ రెట్టింపు అవుతుంది. చివరి ఫ్రేములోనే సగం దూరం దూకేస్తుంది. అది పతనం కాదు, ఎవరో నేలకేసి కొట్టిన దెబ్బ. అందుకే సగాలను బ్రేక్‌డౌన్‌కు వాడుకుని, మిగతా గాట్లను బేసి సంఖ్యల వరసకు దగ్గరగా సర్దుతారు.

బరువు పడటంలో లేదు

చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటి ఇక్కడే ఉంది. అదే ఎత్తు నుంచి ఇనుప గుండు వదిలితే ఎన్ని ఫ్రేములు పడుతుంది? అదే పన్నెండు. గాలి అడ్డుపడనంత బరువున్న వస్తువులన్నీ ఒకేలా పడతాయి. గుండును బరువుగా చూపించాలని దాన్ని ఎనిమిది ఫ్రేముల్లో పడేస్తే అది బరువుగా కనిపించదు, తక్కువ ఎత్తు నుంచి పడిన చిన్న వస్తువులా కనిపిస్తుంది. పడటానికి పట్టే ఫ్రేములు చెప్పేది ఎత్తు గురించి. బరువు గురించి, పదార్థం గురించి చెప్పేది నేల తగిలాక జరిగేది.

పోటీల్లో వాడే టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే సుమారు 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలన్నది నియమం. అంటే పడిన ఎత్తులో సగానికి కాస్త పైన. ఈ లెక్కన మన 122 సెంటీమీటర్ల బంతి మొదటిసారి 67 సెంటీమీటర్లకు, రెండోసారి 37కు, మూడోసారి 20కి లేస్తుంది. ఆ ఎత్తులకు తగ్గ ఫ్రేములు కూడా తగ్గాలి. మొదటి గెంతులో పైకి తొమ్మిది, కిందికి తొమ్మిది. రెండో గెంతులో ఏడేసి. మూడో గెంతులో ఐదేసి. పైకి వెళ్లే చార్ట్, కిందికి వచ్చే చార్ట్‌కు అద్దంలో ప్రతిబింబం. నేల దగ్గర గాట్లు ఎడంగా, శిఖరం దగ్గర ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి.

ఇనుప గుండు మట్టి నేల మీద పడితే ఒకటి రెండు ఫ్రేముల్లో ముగిసే చిన్న అదురు మాత్రమే ఉంటుంది. ఆ తర్వాత కదలదు. ఎడంగా వస్తున్న గాట్లు ఒక్కసారిగా ఆగిపోవడమే దాని బరువు. గాలి బుడగ కథ ఇంకోలా ఉంటుంది. వదిలిన కొద్ది ఫ్రేములకే గాలి దాన్ని పట్టేస్తుంది, అక్కడి నుంచి వేగం పెరగదు. గాట్లు సమానంగా సాగుతాయి. అదే ఎత్తు దిగడానికి సెకను పైనే పడుతుంది. యంత్రంలా అనిపిస్తుందని ముందు కాదనుకున్న సమానమైన చార్ట్, బుడగకు మాత్రం సరిగ్గా అమరుతుంది.

ఈ వ్యాయామంలో రెండు తప్పులు తరచూ కనిపిస్తాయి. మొదటిది, గెంతుల ఎత్తు తగ్గిస్తారు గానీ ఫ్రేములు తగ్గించరు. మూడో గెంతు 20 సెంటీమీటర్లే అయినా దానికీ తొమ్మిదేసి ఫ్రేములు ఇస్తారు. అప్పుడు బంతి చంద్రుడి మీద గెంతుతున్నట్టు తేలుతుంది. రెండోది, నేలకు తగిలే ముందు గాట్లను దగ్గర చేస్తారు. ఆగే ముందు నెమ్మదించాలన్న నియమాన్ని గుడ్డిగా పాటించడం వల్ల ఇది జరుగుతుంది. బంతి తనంతట తాను ఆగడం లేదు, నేల దాన్ని ఆపుతోంది. కనుక నేల దగ్గర వేగం గరిష్ఠంగా ఉండాలి. అక్కడ నెమ్మదిస్తే బంతి పరుపు మీద దిగినట్టుంటుంది.

మరమరాల సంచి, బియ్యం బస్తా

బంతికి తన ఇష్టం అంటూ లేదు. మనిషి కదిలేటప్పుడు లోపలి నుంచి కండరాలు పనిచేస్తాయి కాబట్టి చార్ట్ కూడా మారుతుంది. ఒకే పరిమాణంలో రెండు సంచులు తీసుకుందాం. ఒకదాని నిండా మరమరాలు, ఇంకోదాని నిండా బియ్యం. గీసిన బొమ్మల్లో రెండూ ఒకేలా ఉంటాయి. నేల మీద ఉన్న సంచిని ఒక మనిషి నడుము దాకా లేపాలి. నేను చార్ట్ వేస్తే ఇలా వేస్తాను.

మరమరాల సంచికి, వంగడానికి ఆరు ఫ్రేములు. చెయ్యి పట్టుకున్న ఫ్రేములోనే సంచి కూడా లేస్తుంది. లేవడానికి ఎనిమిది ఫ్రేములు, అందులో రెండు మూడు ఫ్రేములకే గాట్లు ఎడమైపోతాయి. పైన ఆగాక సంచి అడుగు భాగం ఊగి సర్దుకోవడానికి నాలుగు. మొత్తం పద్దెనిమిది ఫ్రేములు, సెకను కూడా కాదు.

బియ్యం బస్తాకు వంగడానికే పన్నెండు. మోకాళ్లు మడుస్తాడు, పాదాలు సర్దుకుంటాడు. పట్టు దొరికాక ఆరు ఫ్రేములు చాలా ముఖ్యం. ఆ ఆరింటిలో నడుము లేస్తుంది, భుజాలు లేస్తాయి, మోచేతులు నిటారుగా సాగుతాయి, బస్తా మూతి బిగుసుకుంటుంది, కానీ బస్తా అడుగు నేలను వదలదు. తర్వాత లేవడానికి ఇరవై ఫ్రేములు. అందులో మొదటి ఎనిమిది ఫ్రేముల్లో బస్తా మొత్తం దూరంలో ఎనిమిదో వంతు మాత్రమే లేస్తుంది. అంటే మూడుసార్లు సగం చేసిన దూరం. ఆ సమయంలో ఒళ్లు వెనక్కి వాలుతుంది. బస్తా కదలిక అందుకున్నాక గాట్లు ఎడమవుతాయి. పైకి చేరాక అది వెంటనే ఆగదు. కాస్త పైకి పోయి, చేతుల్ని కిందికి లాగి, మళ్లీ నిలదొక్కుకోవడానికి ఎనిమిది ఫ్రేములు. మొత్తం నలభై ఆరు, దాదాపు రెండు సెకన్లు.

ఈ నలభై ఆరులో బరువు ఎక్కడుందని అడిగితే, బస్తా కదలని ఆ ఆరు ఫ్రేముల్లో ఉందంటాను. మనిషి కష్టపడుతున్నాడు, వస్తువు స్పందించడం లేదు. ఆ ఆరింటినీ తీసేసి మిగతావి ఎంత సాగదీసినా బస్తా బరువెక్కదు. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. మరమరాల సంచి చార్ట్‌నే తీసుకుని ఫ్రేములు రెట్టింపు చేస్తారు. అప్పుడు తెర మీద కనిపించేది తేలికైన సంచిని బద్ధకంగా లేపుతున్న మనిషి. నెమ్మది వేరు, బరువు వేరు. తేడా పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. చెయ్యి, వస్తువు ఒకే ఫ్రేములో కదలడం మొదలుపెట్టాయా అని చూడాలి. మొదలుపెడితే ఆ వస్తువుకు బరువు లేదు.

పెద్దవీ చిన్నవీ

బరువుకు పరిమాణం తోడైతే ఫ్రేముల లెక్క మళ్లీ మారుతుంది. ఎత్తు నాలుగు రెట్లైతే పడే సమయం రెండు రెట్లవుతుంది, పదహారు రెట్లైతే నాలుగు రెట్లవుతుంది. మన బంతి 122 సెంటీమీటర్లు పడటానికి పన్నెండు ఫ్రేములు పడితే, ఆరేడు అంతస్తుల ఎత్తు నుంచి, అంటే సుమారు 20 మీటర్ల నుంచి పడే రాయికి నలభై ఎనిమిది ఫ్రేములు కావాలి. సినిమాల్లో చిన్న నమూనా భవనాలను కూల్చి నిజమైనవిగా చూపించేటప్పుడు కెమెరాను వేగంగా తిప్పేది అందుకే. అసలులో పదహారో వంతు ఉన్న నమూనాను సెకనుకు 96 ఫ్రేములతో తీసి, 24తో ప్రదర్శిస్తే శిథిలాలు నిజమైన ఎత్తు నుంచి పడుతున్నట్టుంటాయి.

నడకకూ ఇదే లెక్క. మనిషి అడుగుకు పన్నెండు ఫ్రేములైతే, మనిషికి నాలుగు రెట్లు ఎత్తున్న రాక్షసుడి అడుగుకు ఇరవై నాలుగు కావాలి. పన్నెండుకే నడిపిస్తే ఎంత పెద్దగా గీసినా వేషం వేసుకున్న మనిషిలానే ఉంటాడు. పిక్సార్ 1986లో తీసిన ‘లక్సో జూనియర్’లో రెండు బల్ల దీపాలు ఉంటాయి. ముఖాలు లేవు, మాటలు లేవు. చిన్న దీపం చకచకా గెంతుతుంది, పెద్దది నిదానంగా తల తిప్పుతుంది. ఎవరు పిల్లో ఎవరు పెద్దో చెప్పడంలో ఆకారంతో పాటు ఫ్రేముల లెక్కకూ వాటా ఉంది.

చిన్నవాటి వైపు వెళితే ఇంకో సరిహద్దు ఎదురవుతుంది. 2012లో వచ్చిన రాజమౌళి ‘ఈగ’లో కథానాయకుడు ఈగ. నిజమైన ఈగ రెక్కలు సెకనుకు సుమారు 200 సార్లు కొట్టుకుంటాయి. అంటే ఒక్క ఫ్రేము గడిచేలోపు ఎనిమిది సార్లు. ఆ కదలికకు చార్ట్ వెయ్యడం ఎవరి తరమూ కాదు, రెక్కలు మసకగా ఉన్నట్టు చూపడమే దారి.

బంతికీ ఈ సరిహద్దు ఉంది. టెన్నిస్ బంతి వ్యాసం ఆరున్నర సెంటీమీటర్లకు కాస్త పైన. నేలకు తగిలే ముందు అది ఫ్రేముకు 20 సెంటీమీటర్లు దూకుతోంది. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య రెండు బంతులు పట్టేంత ఖాళీ. టూస్‌లో తీస్తే ఖాళీ రెట్టింపు కంటే ఎక్కువ. అంత దూరం దాటితే కన్ను రెండింటినీ ఒకే కదలికగా కలుపుకోదు, బంతి మిణుకుమిణుకుమంటుంది. అందుకే ఎడం గాట్ల దగ్గర టూస్ నుంచి వన్స్‌కు మారతారు, లేదా బంతిని దారి పొడవునా సాగదీసి ఖాళీ పూడుస్తారు. చక్ జోన్స్ 1942లో తీసిన ‘ది డోవర్ బాయ్స్’లో మనుషులను కూడా ఇలాగే రంగు పూసినట్టు సాగదీసి ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు దూకించారు.

గీత పోయినా లెక్క పోలేదు

ఇప్పుడు ఇన్‌బిట్వీన్‌లు చాలావరకు కంప్యూటరే వేస్తుంది. కాగితం అంచున గాట్ల స్థానంలో తెర మీద ఒక వంపు గీత వచ్చింది. దాన్ని గ్రాఫ్ ఎడిటర్‌లో చూస్తారు. అడ్డంగా ఫ్రేములు, నిలువుగా దూరం. గీత పడుకుని ఉన్నచోట కదలిక నెమ్మది, నిటారుగా ఉన్నచోట వేగం. కదిలే దారి మీద ఫ్రేముకో చుక్క పెట్టి చూపించే సదుపాయమూ ఉంది, అది అచ్చంగా పాత చార్టే.

కానీ కంప్యూటర్‌కు బంతి ఏదో, బస్తా ఏదో తెలియదు. బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో రెండు కీలు పెడితే, మనం ఏమీ చెప్పకపోతే, అది రెండు చివరలా నెమ్మదించే వంపు గీస్తుంది. మనం పైన చూసిన 1, 1, 2, 4, 4, 2, 1, 1 వరసకు దగ్గరి బంధువు అది. చెయ్యి ఊపడానికి ఇది బాగానే ఉంటుంది. పడే బంతికి వాడితే నేల దగ్గర నెమ్మదిస్తుంది, బస్తాకు వాడితే చెయ్యీ బస్తా కలిసే లేస్తాయి. కంప్యూటర్ యానిమేషన్ తేలుతున్నట్టుందని ప్రేక్షకులు అన్నప్పుడల్లా ముందుగా చూడాల్సింది ఎవరూ మార్చకుండా వదిలేసిన ఈ వంపులనే. జాన్ లాసెటర్ 1987లో రాసిన పరిశోధన పత్రం, చేతి యానిమేషన్ సూత్రాలను కంప్యూటర్‌కు అన్వయించాల్సిన అవసరాన్ని వివరంగా చర్చించింది. వాటిలో టైమింగ్ ఒకటి, చివరల్లో నెమ్మదించడం మరొకటి.

దీన్ని ఎవరైనా ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. గోడ మీద పది పది సెంటీమీటర్లకు గుర్తులు పెట్టి, ఛాతీ ఎత్తు నుంచి బంతి వదులుతూ ఫోన్‌లో వీడియో తీయండి. ఫోన్ సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది కాబట్టి పన్నెండుకు బదులు పదిహేను ఫ్రేములు వస్తాయి. ఒక్కో ఫ్రేము జరుపుతూ బంతి ఎక్కడుందో కాగితం మీద ఒక గీత గీసి గాటు పెట్టండి. ఏడో ఫ్రేము, ఎనిమిదో ఫ్రేము మధ్య అది పావు దూరం దగ్గర దొరుకుతుంది. తర్వాత ఇంట్లో ఎవరినైనా ఒకసారి ఖాళీ బిందె, ఇంకోసారి నీళ్ల బిందె ఎత్తమనండి. రెండు వీడియోల్లోనూ మొత్తం ఎన్ని ఫ్రేములు పట్టాయో లెక్కపెట్టడం సులువే. దానికంటే ముందు ఒక్క లెక్క చూడండి: చేతులు బిగిశాక బిందె అడుగు నేలను వదలడానికి ఎన్ని ఫ్రేములు పట్టింది? బిందెలో నీళ్లున్నాయో లేదో ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది.